జీఎస్టీ ఆడిట్ నోటీసు వచ్చాక: చదవాల్సిన తీరు, కాగితాల ఫైలు సర్దే పద్ధతి

జీఎస్టీ చట్టంలోని 65వ సెక్షన్ కింద పన్నుల శాఖ అధికారులు ఏ రిజిస్టర్డ్ వ్యాపారి లెక్కలనైనా తనిఖీ చేయవచ్చు. తనిఖీ చేయబోతున్నామని ముందుగా తెలిపే పత్రమే ఏడీటీ-01 అనే నమూనాలో వచ్చే ఆడిట్ నోటీసు. ఇందులో ఇంత పన్ను కట్టాలన్న డిమాండు గాని, తప్పు జరిగిందన్న ఆరోపణ గాని ఉండదు. ఫలానా ఆర్థిక సంవత్సరం లెక్కలు చూస్తాం, ఫలానా తేదీన పుస్తకాలు చూపించండి అన్నదే దాని సారాంశం. అందుకే దీన్ని మిగతా నోటీసులతో కలిపి చూడకూడదు. రిటర్నుల్లో కనిపించిన తేడాకు వివరణ అడిగేది ఏఎస్ఎంటీ-10. పన్ను ఎందుకు వసూలు చేయకూడదో చెప్పమనే షోకాజ్ నోటీసు డీఆర్‌సీ-01. శాఖ నియమించిన చార్టర్డ్ అకౌంటెంటు చేత లెక్కలు చూపించమనే ప్రత్యేక ఆడిట్ ఆదేశం ఏడీటీ-03. వీటిలో ఒక్కోదానికి గడువు వేరు, జవాబిచ్చే పద్ధతి వేరు. కాబట్టి కవరు విప్పగానే చూడాల్సింది పై భాగంలో ఉండే ఫారం పేరు, సెక్షన్ నంబరు.

నోటీసులో ఏమేం చూడాలి

మొదట ఆ నోటీసు అసలైనదో కాదో తేల్చుకోవాలి. కేంద్ర జీఎస్టీ ఆడిట్ కమిషనరేట్ నుంచి ఈమెయిల్‌లోనో పోస్టులోనో వచ్చే నోటీసు మీద డిన్ అనే పత్ర గుర్తింపు సంఖ్య ఉంటుంది. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు వెబ్‌సైట్‌లో ఆ సంఖ్య కొడితే పత్రం నిజంగా ఆ కార్యాలయమే ఇచ్చిందో లేదో తెలుస్తుంది. జీఎస్టీ పోర్టల్ ద్వారా జారీ అయిన నోటీసుకు రిఫరెన్స్ నంబరు ఉంటుంది. అలాంటి నోటీసు పోర్టల్‌లో లాగిన్ అయ్యాక `Services > User Services > View Additional Notices/Orders` అనే చోట కనిపిస్తుంది. చాలామంది వ్యాపారులు ఆ పేజీ తెరిచి చూడరు. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన మెయిలు, ఫోను నంబరు పాత అకౌంటెంటువి అయితే కబురు అక్కడే ఆగిపోతుంది, తేదీ దాటిపోతుంది.

తరువాత జీఎస్టీఐఎన్ చూడాలి. ఒకే సంస్థకు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ దుకాణాలుంటే రెండు రిజిస్ట్రేషన్లు ఉంటాయి. తెలంగాణ నంబరు 36తో, ఆంధ్రప్రదేశ్ నంబరు 37తో మొదలవుతుంది. నోటీసు 37 నంబరుకు వచ్చిందంటే చూపాల్సినవి ఆంధ్రప్రదేశ్ లెక్కలు. బ్యాలెన్స్ షీటు మాత్రం సంస్థ మొత్తానికీ ఒకటే ఉంటుంది. దాన్ని యథాతథంగా ఇచ్చేస్తే అందులోని అమ్మకాలు రిటర్నులతో కలవవు. అందుకే ఆ రిజిస్ట్రేషన్‌కు మాత్రమే చెందిన ట్రయల్ బ్యాలెన్సును విడిగా తీసి, రెండు రాష్ట్రాలదీ కలిపితే బ్యాలెన్స్ షీటు మొత్తం వస్తుందని చూపే చిన్న పట్టిక జతచేయాలి. ఒక రాష్ట్రం దుకాణం నుంచి మరో రాష్ట్రం దుకాణానికి పంపిన సరుకు కూడా జీఎస్టీ లెక్కలో సరఫరాయే కాబట్టి ఆ బదిలీలు పట్టికలో విడిగా కనిపించాలి.

మూడోది కాలం. ఆడిట్ ఒక ఆర్థిక సంవత్సరానికి గాని, అందులో కొంత భాగానికి గాని, కొన్ని సంవత్సరాలకు కలిపి గాని ఉండవచ్చు. నోటీసులో ఏ సంవత్సరం రాశారో ఆ సంవత్సరం కాగితాలే ఫైలులోకి రావాలి.

నాలుగోది తేదీ, చోటు. ఆడిట్ మొదలుపెట్టే తేదీకి కనీసం 15 పని దినాల ముందు సమాచారం ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఉదాహరణకు 2025 నవంబరు 3, సోమవారం నాడు అందిన నోటీసు నవంబరు 17న హాజరు కమ్మంటే మధ్యలో 15 పని దినాలు పూర్తి కావు. అప్పుడు మౌనంగా ఉండిపోకుండా, ఆ సంగతి పేర్కొంటూ గడువు కోరే లేఖ తేదీకి ముందే ఇవ్వాలి. ఆడిట్ అధికారి కార్యాలయంలో జరుగుతుందా, వ్యాపార స్థలంలో జరుగుతుందా అన్నదీ నోటీసులోనే ఉంటుంది. వ్యాపారి స్వయంగా వెళ్లనక్కర లేదు. అధికార పత్రం ఇచ్చి చార్టర్డ్ అకౌంటెంటునో, న్యాయవాదినో, జీఎస్టీ ప్రాక్టీషనర్‌నో, దుకాణంలో పనిచేసే ఉద్యోగినో పంపవచ్చు.

నోటీసు చివరలో ఒక హెచ్చరిక ఉంటుంది. హాజరు కాకపోతే, పుస్తకాలు చూపకపోతే, అవి వ్యాపారి దగ్గర లేవని భావించి తదుపరి చర్య తీసుకుంటామన్నది దాని అర్థం. తేదీని ఊరికే వదిలేయకూడదనడానికి కారణం ఇదే. కాగితాలు సగమే సిద్ధమైనా సరే, ఆ సగం తీసుకువెళ్లి మిగతావాటికి రాతపూర్వకంగా గడువు అడగడం మేలు.

అనుబంధాన్ని పట్టికగా మార్చుకోవడం

నోటీసుతో పాటు సాధారణంగా కావలసిన పత్రాల జాబితా ఒకటి వస్తుంది. బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల ఖాతా, ట్రయల్ బ్యాలెన్సు, ఆదాయపు పన్ను రిటర్ను, అమ్మకాల రిజిస్టరు, కొనుగోళ్ల రిజిస్టరు, స్టాకు లెక్క, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఈ-వే బిల్లుల వివరాలు, ఒప్పందాలు అందులో ఉంటాయి. ఈ జాబితా అన్ని రకాల వ్యాపారాలనూ దృష్టిలో పెట్టుకుని తయారుచేసింది కాబట్టి చిన్న దుకాణానికి వర్తించనివీ ఉంటాయి.

ముందుగా జాబితాలోని వరస నంబర్లను మార్చకుండా అలాగే ఒక పట్టికలోకి ఎక్కించుకోవాలి. ప్రతి అంశానికి ఎదురుగా ఆ కాగితం ఎక్కడుంది, ఎవరు తీయాలి, ఎప్పటికి రావాలి అని మూడు గడులు చాలు. వర్తించని అంశాన్ని ఖాళీగా వదలకూడదు. కారణంతో సహా రాయాలి. ఉదాహరణకు 9సి నివేదిక అడిగితే, “వర్తించదు, ఆ సంవత్సరం టర్నోవరు 5 కోట్ల రూపాయలు మించలేదు” అని రాస్తే అధికారికి మళ్లీ అడగాల్సిన పని ఉండదు. ఖాళీ గడి కనిపిస్తే కాగితం దాచారన్న అనుమానం వస్తుంది.

పాత కాగితాలు ఎంతకాలం ఉంచాలన్న విషయంలో తరచూ పొరపాటు జరుగుతుంది. ఒక సంవత్సరపు పుస్తకాలను ఆ సంవత్సరం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. 2022-23 వార్షిక రిటర్ను గడువు 2023 డిసెంబరు 31. అంటే ఆ ఏడాది బిల్లులు 2029 డిసెంబరు చివరిదాకా ఉండాల్సిందే. అప్పీలు, కేసు నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం ఉంచాల్సి రావచ్చు.

ఫైలులో దేని తరువాత ఏది

కాగితాలన్నీ ఒక సంచిలో వేసి ఇచ్చినా ఇచ్చినట్టే లెక్క. కానీ అధికారి వెతుక్కోవాల్సి వచ్చిన ప్రతి కాగితం ఇంకో ప్రశ్నగా తిరిగి వస్తుంది. అధికారి పని క్రమం దాదాపు ఒకేలా ఉంటుంది. మొదట ఆర్థిక పత్రాలు చూస్తారు, తరువాత రిటర్నులు, ఆపైన రెండింటికీ మధ్య తేడాలు, చివరగా ఎంపిక చేసుకున్న కొన్ని బిల్లులు. ఫైలు కూడా ఆ వరసలోనే ఉంటే సరిపోతుంది.

1. ముందు లేఖ, విషయసూచిక, నోటీసు నకలు, అధికార పత్రం.
2. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, భాగస్వామ్య ఒప్పందం, వ్యాపారం ఏమిటో చెప్పే ఒక పేజీ.
3. బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల ఖాతా, ట్రయల్ బ్యాలెన్సు, ఉంటే ఆదాయపు పన్ను ఆడిట్ నివేదిక.
4. పన్నెండు నెలల జీఎస్టీఆర్-1, 3బి, వార్షిక రిటర్ను, 2బి, చలానాలు.
5. పుస్తకాలకూ రిటర్నులకూ పొంతన చూపే పట్టికలు.
6. అమ్మకాల, కొనుగోళ్ల రిజిస్టర్లు, క్రెడిట్ నోట్లు, స్టాకు లెక్క.
7. పొంతన పట్టికల్లో పేర్కొన్న బిల్లులు, లారీ రసీదులు, ఇతర ఆధారాలు.

ప్రతి భాగానికి ముందు రంగు కాగితం పెట్టి నంబరు వేయాలి. పేజీ నంబర్లు మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకే వరసలో నడవాలి. “కొనుగోళ్ల రిజిస్టరు, పేజీలు 141 నుంచి 168” అని విషయసూచికలో రాస్తే మధ్యలో ఏదైనా కాగితం పోయిందా లేదా అన్నది ఎవరైనా చెప్పగలరు. ప్రతి పేజీ మీద సంస్థ ముద్ర, అధీకృత వ్యక్తి సంతకం ఉండాలి. ఇచ్చేవన్నీ నకళ్లే. అసలు బిల్లులు అడిగితే చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. ఎప్పుడైనా అసలు కాగితం వదిలి రావలసి వస్తే, దాని నంబరు, తేదీ రాసిన రసీదు తీసుకోవాలి.

వేల కొద్దీ బిల్లులను అచ్చు వేయనక్కర లేదు. రిజిస్టర్లను ఎక్సెల్ రూపంలో పెన్‌డ్రైవ్‌లో ఇస్తే అధికారులకూ సులువు. ఫైలు పేర్లు విషయసూచిక నంబరుతో మొదలైతే వెతకడం తేలిక: `06_Purchase_Register_2022-23.xlsx` లాగా. పీడీఎఫ్‌గా స్కాన్ చేసిన రిజిస్టరు కన్నా ఎక్సెల్ మేలు, ఎందుకంటే అందులో కూడికలు సరిచూసుకోవచ్చు.

అసలు పని: లెక్కల పొంతన

ఫైలులో విలువైన భాగం అయిదోది. పుస్తకాల్లోని అంకె, రిటర్నులోని అంకె కలవని చోట అధికారి ఎలాగూ ఆగుతారు. ఆ తేడా ఎందుకు వచ్చిందో, దానికి ఆధారం ఏ పేజీలో ఉందో ముందే రాసి పెట్టడమే తయారీలో ముఖ్యమైన పని. ఎలక్ట్రికల్ మోటార్లు, కేబుళ్లు అమ్మే ఒక ఊహాజనిత దుకాణానికి 2022-23 సంవత్సరానికి నోటీసు వచ్చిందనుకుందాం.

మొదటి తేడా అమ్మకాల్లో ఉంది. పుస్తకాల ప్రకారం అమ్మకాలు 4,12,60,000 రూపాయలు. జీఎస్టీఆర్-1లోనూ అంతే. పన్నెండు నెలల 3బి కలిపితే 4,09,80,000 మాత్రమే. తేడా 2,80,000. నెలవారీగా విడదీసి చూస్తే పదకొండు నెలలు సరిపోయి, మార్చిలోనే తేడా తేలింది. మార్చి ఆఖరున ఇచ్చిన ఒక బిల్లు ఆ నెల 3బిలో చేరలేదు. ఏప్రిల్ 3బిలో చేర్చి మే 20న పన్ను కట్టారు. పన్ను 18 శాతం చొప్పున 50,400 రూపాయలు. కట్టాల్సింది ఏప్రిల్ 20న, కట్టింది 30 రోజులు ఆలస్యంగా. ఏడాదికి 18 శాతం వడ్డీ లెక్కేస్తే సుమారు 746 రూపాయలు వస్తుంది. పట్టికలో ఈ నాలుగు వాక్యాలు రాసి, ఆ బిల్లు నకలు, ఏప్రిల్ 3బి నకలు జతచేస్తే 2,80,000 అమ్మకం దాచారన్న సందేహం తలెత్తదు, మిగిలేది 746 రూపాయల వడ్డీ మాత్రమే. సంవత్సరం మొత్తాన్ని ఒకే అంకెగా పోల్చి ఉంటే ఈ కారణం దొరికేది కాదు. అందుకే పొంతన ఎప్పుడూ నెలవారీగానే చూడాలి.

రెండో తేడా ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌లో ఉంది. కొనుగోళ్ల మీద కట్టిన పన్నును అమ్మకాల పన్నులోంచి మినహాయించుకునే ఏర్పాటు ఇది. దుకాణం 3బిలో తీసుకున్న క్రెడిట్ 58,40,000. సరఫరాదారులు నమోదు చేసిన బిల్లుల ఆధారంగా పోర్టల్ తయారుచేసే 2బిలో ఆ పన్నెండు నెలలకు 57,62,000 మాత్రమే ఉంది. ఎక్కువ తీసుకున్నది 78,000. బిల్లు వారీగా పోలిస్తే ఇందులో 54,000 రూపాయలు 2022 మార్చి నాటి బిల్లులవని తేలింది. అవి మార్చి 2బిలోనే వచ్చాయి గానీ సరుకు దుకాణానికి చేరింది ఏప్రిల్‌లో. సరుకు అందాకే క్రెడిట్ తీసుకోవాలి కాబట్టి ఏప్రిల్ 3బిలో చూపారు. ఇది సరైనదే. ఆధారంగా ఆ 2బి పేజీ, సరుకు అందిన తేదీ ఉన్న లారీ రసీదు పెట్టాలి.

మిగిలిన 24,000 రెండు బిల్లులది. అవి ఏ నెల 2బిలోనూ లేవు, సరఫరాదారు నమోదు చేయలేదు. 2022 జనవరి నుంచి 2బిలో కనిపించని బిల్లు మీద క్రెడిట్ తీసుకోవడానికి వీల్లేదు. ఇక్కడ వివరణ వెతకడం కన్నా డీఆర్‌సీ-03 ద్వారా ఆ మొత్తాన్ని వడ్డీతో సహా కట్టి, రసీదును పట్టిక వెనుక పెట్టడం మంచిది. మోసం లేని కేసులో షోకాజ్ నోటీసు రాకముందే పన్ను, వడ్డీ కట్టేస్తే దాని మీద జరిమానా ఉండదు. తప్పని తెలిసిన దాన్ని ముందే సరిదిద్దుకుంటే మిగతా వివరణల మీద కూడా నమ్మకం కలుగుతుంది.

మూడోది రిటర్నుల్లో కనిపించదు, ట్రయల్ బ్యాలెన్సులో కనిపిస్తుంది. అధికారులు ఆ పత్రాన్ని ఖాతా ఖాతాగా చదువుతారు. ఈ దుకాణం ట్రయల్ బ్యాలెన్సులో లారీ కిరాయి 4,40,000 ఉంది. కానీ 3బిలో రివర్స్ ఛార్జి గడి ఖాళీ. రివర్స్ ఛార్జి అంటే అమ్మినవారికి బదులు సేవ పొందినవారే పన్ను కట్టడం. లారీ రసీదు ఇచ్చే రవాణా సంస్థకు కట్టిన కిరాయి మీద, ఆ సంస్థే పన్ను వసూలు చేసి ఉండకపోతే, వ్యాపారి 5 శాతం కట్టాలి. అలా రసీదు ఇవ్వకుండా నడిచే ఆటో, సొంత లారీ యజమాని కిరాయికి ఇది వర్తించదు. ఖాతాను విడదీస్తే 2,60,000 ఊళ్లో సరుకు చేరవేసే టెంపోలకు, 1,80,000 రసీదు ఇచ్చిన రవాణా సంస్థలకు అని తేలింది. కట్టాల్సింది 9,000 రూపాయలు, వడ్డీ అదనం. విడదీయకుండా ఇచ్చి ఉంటే ప్రశ్న 4,40,000 మీద, అంటే 22,000 పన్ను మీద వచ్చేది.

న్యాయవాది ఫీజు, ఇతర ఆదాయం, పాత వాహనం అమ్మకం, కారు కొనుగోలు, భోజనాల ఖర్చు అనే పద్దులను కూడా ఇలాగే ముందుగా చూసుకోవాలి. మొదటిది రివర్స్ ఛార్జి కిందికి, తరువాతి రెండూ చూపని అమ్మకం కిందికి, చివరి రెండూ క్రెడిట్ చెల్లని ఖర్చు కిందికి వచ్చే అవకాశం ఉంది. సరఫరాదారులకు 180 రోజులు దాటినా డబ్బు చెల్లించని బిల్లులుంటే వాటి మీది క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. కాబట్టి బాకీల జాబితాను బిల్లు తేదీలతో తీసి పెట్టాలి.

అందజేయడం, తేదీ వేయించుకోవడం

ముందు లేఖ ఒక పేజీ మించనక్కర లేదు. నోటీసు నంబరు, తేదీ, జీఎస్టీఐఎన్, ఆర్థిక సంవత్సరం, జతచేసిన భాగాలు, మొత్తం పేజీలు, ఇంకా ఇవ్వాల్సినవి ఏవి, ఎప్పటికి ఇస్తారు అన్నవి చాలు. వివరణలు, వాదనలు లేఖలో కాకుండా పొంతన పట్టికల్లో ఉండాలి.

ఫైలు రెండు సెట్లు చేసి, ఒకటి కార్యాలయంలో ఇచ్చి, రెండోదాని లేఖ మీద, విషయసూచిక మీద అందిన తేదీతో ముద్ర వేయించుకోవాలి. ఈ ముద్ర కేవలం రసీదు కాదు. ఆడిట్ మొదలైన తేదీ నుంచి మూడు నెలల్లో ముగించాలని చట్టం చెబుతోంది. కమిషనర్ కారణాలు రాసి మరో ఆరు నెలల వరకు పొడిగించవచ్చు. ఆ మొదలు తేదీ ఏదంటే, అడిగిన పత్రాలు అందుబాటులో పెట్టిన రోజు, లేదా వ్యాపార స్థలంలో ఆడిట్ నిజంగా ఆరంభమైన రోజు, వీటిలో ఏది వెనక వస్తే అది. పత్రాలు ముక్కలు ముక్కలుగా ఇస్తూ పోతే ఆ మూడు నెలల లెక్క ఎప్పుడు మొదలైందో తేల్చడమే కష్టమవుతుంది. తరువాత ఇచ్చే కాగితాలకు కూడా కొత్త లేఖ, పాత పేజీ నంబర్ల తరువాతి నంబర్లు, కొత్త ముద్ర అవసరం.

పోయిన కాగితాన్ని కొత్తగా తయారుచేసి పాత తేదీ వేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. లారీ నంబరు, ఈ-వే బిల్లు, టోల్ రికార్డుతో సరిచూస్తే అది బయటపడుతుంది. అంతవరకు పొరపాటుగా ఉన్నది అప్పుడు మోసంగా మారుతుంది. దొరకని బిల్లుకు సరఫరాదారు నుంచి నకలు తెప్పించుకుని, అది నకలేనని రాయాలి.

తరువాత వచ్చేవి

ఫైలు చూశాక అధికారి తేడాలేమైనా ఉంటే తెలియజేస్తారు. వాటికి జవాబు ఇచ్చే హక్కు వ్యాపారికి ఉంది. ఆ జవాబును పరిశీలించాకే తుది నిర్ణయాలు రాయాలని నిబంధన చెబుతోంది. జవాబులో మళ్లీ కాగితాలు జతచేయకుండా “భాగం 5, పేజీ 112 చూడవచ్చు” అని రాయగలగడమే పేజీ నంబర్ల వల్ల కలిగే ప్రయోజనం. ఆడిట్ ముగిసిన 30 రోజుల్లోగా ఫలితాలను ఏడీటీ-02 నమూనాలో తెలియజేస్తారు. ఏడీటీ-02 పన్ను వసూలు ఆదేశం కాదు. అందులోని అంశాలను వ్యాపారి ఒప్పుకుంటే డీఆర్‌సీ-03 ద్వారా కట్టేస్తే సరిపోతుంది. ఒప్పుకోకపోతే శాఖ విడిగా షోకాజ్ నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసుకు జవాబు రాసేటప్పుడు ముద్ర పడిన ఈ ఫైలే మొదటి ఆధారం. అందుకే రెండో సెట్టును విడదీయకుండా, ఏడీటీ-02తో కలిపి, భద్రపరచాల్సిన గడువు తీరేదాకా ఒకే చోట ఉంచాలి.